ఆ 30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?



సేల్స్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళారనుకోండి. ఎదురుగా ఏరియా మేనేజరు కూర్చున్నారు. మీ గురించి చెప్పమన్నారు. మీరు పేరూ ఊరూ చెప్పి, "పోయిన ఏడాది నా లైన్లలో సేల్ 30 శాతం పెంచాను సార్" అన్నారు. మంచి మాటే. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత తలెత్తి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ఆ 30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది బాబూ?"

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. "బాగా కష్టపడ్డాను సార్" అంటారు. "కస్టమర్లతో మంచి రిలేషన్ మెయింటెయిన్ చేశాను సార్" అంటారు. కష్టపడ్డానని రోజుకి పది మంది చెబుతారు ఆ మేనేజరుకి. ఆయనకి కావలసింది అది కాదు. ఆ 30 శాతం మీ చేతుల మీదుగా వచ్చిందా, దానంతటది వచ్చిందా? అదీ ఆయన తెలుసుకోవాలనుకుంటున్నది. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తయారు చేసుకుంటే, టార్గెట్ల గురించి అడిగే ప్రశ్నలకీ, షాపువాడిలా మాట్లాడి పరీక్షించే రోల్ ప్లేకీ సగం పని అయిపోయినట్టే. ఎలాగో ఇవాళ చెప్పుకుందాం.

సేల్స్ అంటే చాలా రకాలు. బ్యాంకు లోన్లు అమ్మేవారున్నారు, మందుల కంపెనీ రెప్‌లున్నారు, ఇళ్ళ స్థలాలు అమ్మేవారున్నారు. అన్నీ ఒకేసారి చెబితే ఏదీ అర్థం కాదు. అందుకని ఒక్కటే తీసుకుందాం. కిరాణా షాపులకి సబ్బులూ సర్ఫులూ వేసే లైన్ సేల్స్. తెనాలిలో ఒక ఏజెన్సీ తరఫున లైన్ తిరుగుతున్న కుర్రాడు ఒకడున్నాడని ఊహించుకుందాం. డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో సేల్స్ ఆఫీసర్ పోస్టుకి పిలుపొచ్చింది. అతని లెక్కలు మనం పక్కన కూర్చుని చూద్దాం.

మన కుర్రాడికి ఆరు లైన్లున్నాయి. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో లైన్. కంపెనీవాళ్ళు దీన్నే బీట్ అంటారు. ఒక్కో లైన్‌లో 40 షాపులు. అంటే ప్రతి షాపుకీ వారానికి ఒకసారి వెళ్తాడు. నెలకి 24 పని దినాలు వేసుకుందాం.

అతను ఈ లైన్లలోకి వచ్చినప్పుడు నెల సేల్ 6 లక్షలు. ఏడాది తర్వాత అదే నెలలో 7 లక్షల 80 వేలు. మళ్ళీ చెబుతున్నాను. 6 లక్షలు, 7 లక్షల 80 వేలయింది. లక్షా 80 వేలు పెరిగింది. అదే 30 శాతం.

ఈ లక్షా 80 వేలని విప్పి చూడాలి. ఏ లైన్ సేల్ అయినా మూడు అంకెల మీద నడుస్తుంది. రోజుకి ఎన్ని షాపులు ఎక్కాం? ఎక్కినవాటిలో ఎన్ని ఆర్డరిచ్చాయి? ఇచ్చిన ఒక్కో బిల్లు సగటున ఎంత? అంతే. షాపులు, బిల్లులు, బిల్లు సైజు. ఈ మూడూ మీ ఫోన్‌లోని ఆర్డర్ యాప్‌లో ఉంటాయి. లేకపోతే ఏజెన్సీ బిల్ బుక్కుల్లో ఉంటాయి. ఉద్యోగం మారాలనుకున్న రోజు నుంచే వీటిని ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టండి. మానేశాక యాప్ తెరుచుకోదు.

మన కుర్రాడు రాసుకున్నాడు. వచ్చిన కొత్తలో రోజుకి 40 షాపులు ఎక్కితే 20 షాపులు ఆర్డరిచ్చేవి. బిల్లు సగటున 1250 రూపాయలు. 20 బిల్లులు, ఒక్కోటి 1250. రోజుకి 25 వేలు. 24 రోజులకి 6 లక్షలు. లెక్క సరిపోయింది కదా.

ఏడాది తర్వాత? షాపులు అవే 40. బిల్లు సైజు కూడా దాదాపు అదే, 1250. మారింది మధ్యలో అంకె. ఆర్డరిచ్చే షాపులు 20 నుంచి 26 అయ్యాయి. 26 బిల్లులు, ఒక్కోటి 1250. రోజుకి 32 వేల 500. 24 రోజులకి 7 లక్షల 80 వేలు.

ఇప్పుడు మేనేజరు ప్రశ్నకి జవాబు దొరికింది. "30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?" "సార్, రోజుకి ఆరు బిల్లులు ఎక్కువ తెచ్చాను. 20 షాపులు ఇచ్చే చోట 26 ఇస్తున్నాయి. బిల్లు సైజు మాత్రం పెరగలేదు. అది ఇంకా చెయ్యాల్సిన పని." మూడు నాలుగు వాక్యాలు. ఇది విన్న మేనేజరు కుర్చీలో కాస్త ముందుకి జరుగుతారు. బిల్లు సైజు పెరగలేదని తనంతట తను చెప్పాడు చూడండి, ఆ మాట వల్ల మిగతా లెక్క మీద నమ్మకం కుదురుతుంది. అన్నీ పెరిగాయని చెప్పేవాడి కాగితాన్ని మేనేజర్లు రెండోసారి తిరగేసి చూస్తారు.

అయితే ఆయన అక్కడితో వదలరు. "ఆ ఆరు బిల్లులు ఎలా వచ్చాయి?" అంటారు. ఇక్కడ మీరేం చేశారో చెప్పాలి. చేసిన పని చెప్పాలి, గుణం కాదు. ఓపికగా ఉన్నాను, చురుగ్గా ఉన్నాను అన్నవి గుణాలు. పని అంటే ఏమిటో మన కుర్రాడి దగ్గర చూద్దాం.

అతను మొదటి నెలలో ఆర్డరివ్వని షాపుల పట్టీ ఒకటి రాసుకున్నాడు. ఎందుకివ్వడం లేదో ఒక్కొక్కరినీ అడిగాడు. జవాబులు చాలావరకు రెండు రకాలుగా వచ్చాయి. కొంతమంది, "మీ పాత కుర్రాడు చిరిగిన ప్యాకెట్లు తీసుకెళ్తానని ఆరు నెలలు తిప్పాడు. ముందు అవి తియ్యి, తర్వాత ఆర్డరు చూద్దాం" అన్నారు. డ్యామేజీ సరుకు గొడవ. షాపువాడికి అది వంద రూపాయల సరుకే కావచ్చు. కానీ ప్రతి వారం అది కంటి ముందే కనపడుతుంది, ప్రతి వారం మీ మీద కోపం వస్తుంది. మన కుర్రాడు ఆ సరుకంతా షాపు వారీగా రాసి, ఏజెన్సీ ఓనరు దగ్గర కూర్చుని, కంపెనీకి క్లెయిమ్ పెట్టించాడు. వచ్చిన మొత్తాన్ని ఆ షాపులకి బిల్లులో తగ్గించాడు. ఆ షాపులు మెల్లగా తిరిగొచ్చాయి.

రెండో రకం ఇంకా చిత్రమైనది. ఒక లైన్‌లో షాపులవాళ్ళు, "నువ్వొచ్చేది సంత రోజు. జనం తోసుకుంటూ ఉంటే నీకు ఆర్డరెవరు చెబుతారు?" అన్నారు. నిజమే. ఆ లైన్ రోజు ఏళ్ళ క్రితం ఎవరో వేసింది. అలా నడిచిపోతోంది. మన కుర్రాడు ఏజెన్సీలో మాట్లాడి, ఆ లైన్‌ని సంతకి ముందు రోజుకి మార్పించాడు. సంతకి సరుకు కావాలి కాబట్టి షాపువాళ్ళే పిలిచి ఆర్డరిచ్చారు.

ఇవీ పనులంటే. డ్యామేజీ క్లియర్ చేయించడం, లైన్ రోజు మార్పించడం. ఎవరైనా ఫోన్ చేసి ఏజెన్సీ ఓనర్ని అడిగినా నిజమని తేలేవి. ఇంటర్వ్యూలో చెప్పే ప్రతి అంకె వెనకా ఇలాంటి పని ఒకటి ఉండాలి. ఒక అంకె, దాని వెనక ఒక పని. రెండు మూడు అంకెలు చాలు. పది అంకెలు చెబితే ఆయన ఏదీ గుర్తుపెట్టుకోలేరు, మీరూ కలగాపులగం చేస్తారు.

ఇక ఆ అంకె మీద ఆయన ఎన్ని వైపుల నుంచి గుచ్చుతారో చూద్దాం. మొదటిది రేట్లు. "ఆ ఏడాది సబ్బు రేటు పెరిగింది కదా, పెరిగిన సేల్ దానివల్ల కాదా?" రేటు పెరిగితే అదే సరుకు అమ్మినా రూపాయల్లో సేల్ పెరిగినట్టే కనిపిస్తుంది. అందుకే బిల్లుల సంఖ్య చెప్పడం మంచిది. రేటు పెరిగినంత మాత్రాన 20 షాపులు 26 షాపులు కావు.

రెండోది సీజను. మార్చి నెలని ఏప్రిల్‌తో పోల్చి పెరిగిందనో తగ్గిందనో చెబితే ఒప్పుకోరు. మార్చి ఆర్థిక సంవత్సరం ముగింపు, ఆ ఒత్తిడిలో బిల్లులు ఎక్కువ పడతాయి. ఏప్రిల్ చప్పగా ఉంటుంది. కాబట్టి పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. జూలైని జూలైతో. దసరా నెలని దసరా నెలతో. ఇక్కడో చిన్న మెలిక. దసరా ఒక ఏడాది సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది, ఇంకో ఏడాది అక్టోబరులోకి జరుగుతుంది. ఆ మాట మీరే ముందు చెప్పేస్తే మేనేజరుకి మీరు మార్కెట్ తిరిగినవాడని తెలుస్తుంది.

మూడోదే అసలైన గుచ్చు. "నువ్వు చెప్పేది ప్రైమరీనా, సెకండరీనా?" లైన్ తిరిగేవాళ్ళకి ఈ మాటలు తెలుసు. తెలియనివారి కోసం చెబుతాను. కంపెనీ ఏజెన్సీకి వేసే బిల్లు ప్రైమరీ. ఏజెన్సీ నుంచి షాపుకి వెళ్ళే బిల్లు సెకండరీ. కంపెనీ నుంచి ఏజెన్సీకి ప్రైమరీ, ఏజెన్సీ నుంచి షాపుకి సెకండరీ. ప్రైమరీ పెంచడం ఒకోసారి ఒక్క ఫోన్ కాల్ పని. ఏజెన్సీ ఓనర్ని బతిమాలో బెదిరించో గోడౌన్ నింపెయ్యొచ్చు. సరుకు మాత్రం గోడౌన్‌లోనే ఉంటుంది. సెకండరీ అలా కాదు. అది షాపు షాపుకీ తిరిగితేనే వస్తుంది. అందుకే మీరు చెప్పే అంకె ఏదో మొదటి వాక్యంలోనే చెప్పండి. "నా సెకండరీ నెలకి 6 లక్షల నుంచి 7 లక్షల 80 వేలు అయింది సార్." ఆ ఒక్క సెకండరీ అన్న మాటతో సగం అనుమానాలు పోతాయి.

వసూళ్ళ మాట కూడా వస్తుంది. సేల్ పెంచానంటే, అప్పు మీద పెంచావా అని అడుగుతారు. మార్కెట్‌లో మీ పేరు మీద ఎంత బాకీ ఉందో, అందులో పాతబడిపోయింది ఎంతో మీకు నోటికి రావాలి. రాకపోతే, ఆ 30 శాతం అప్పులోంచి వచ్చిందనే ఆయన రాసుకుంటారు.

ఒక జాగ్రత్త. ఈ లెక్కలన్నీ మీ చేతిరాతతో ఒక్క కాగితం మీద రాసుకెళ్ళండి. పాత కంపెనీ రిపోర్టుల స్క్రీన్‌షాట్లు, షాపుల పేర్లు, వాళ్ళ బాకీలు ఫోన్‌లో తీసి చూపించకండి. చూపిస్తే మేనేజరు మెచ్చుకోరు. రేపు మా లెక్కలు కూడా ఇలాగే ఇంకో చోట చూపిస్తాడు అనుకుంటారు. ఇన్సెంటివ్ పడిన శాలరీ స్లిప్పు ఉంటే చాలు, అది మీ సొంత కాగితం.

ఇప్పుడు టార్గెట్ ప్రశ్నలకి వద్దాం. మేనేజరు అంటారు, "ఇప్పుడు 7 లక్షల 80 వేలు చేస్తున్నావు. నేను 9 లక్షలు ఇస్తే?" చాలామంది వెంటనే, "తప్పకుండా చేస్తాను సార్" అంటారు. కొంతమంది, "కష్టం సార్" అంటారు. రెండిటిలోనూ లెక్క లేదు. ఆయన మీ ధైర్యం కొలవడానికి ఈ ప్రశ్న వెయ్యలేదు. పెద్ద అంకెని రోజు పని కింద విడగొట్టగలవా అని చూస్తున్నారు.

విడగొడదాం. ఇందాకటి మూడు అంకెలే. షాపులు, బిల్లులు, బిల్లు సైజు. 9 లక్షలకీ 7 లక్షల 80 వేలకీ తేడా లక్షా 20 వేలు. 24 రోజులకి పంచితే రోజుకి 5 వేలు. లక్షా 20 వేలు అంటే గుండె గుభేలుమంటుంది. రోజుకి 5 వేలు అంటే కాస్త ఊపిరాడుతుంది. ఈ 5 వేలు ఎలా తేవాలి? అన్నీ బిల్లులతోనే తేవాలంటే, బిల్లు 1250 కాబట్టి, రోజుకి నాలుగు బిల్లులు ఎక్కువ కావాలి. 26 కాస్తా 30 కావాలి. 40 షాపుల్లో 30 ఇవ్వడమంటే కష్టమే. అన్నీ బిల్లు సైజుతోనే తేవాలంటే, ఒక్కో బిల్లు మీద దాదాపు 200 పెరగాలి. అదీ తేలిక కాదు. కలిపి చేస్తే? రోజుకి రెండు బిల్లులు ఎక్కువ, బిల్లుకి 90 రూపాయలు ఎక్కువ. మళ్ళీ చెబుతున్నాను. రెండు బిల్లులు, బిల్లుకి 90 రూపాయలు. 28 బిల్లులు, ఒక్కోటి 1340. రోజుకి 37 వేల 500 దాటుతుంది. నెలకి 9 లక్షలు దాటుతుంది.

90 రూపాయలంటే ఏమిటి? సబ్బు తీసుకునే షాపు, దాంతోపాటు ఓ అర డజను గిన్నెల బార్ తీసుకోవడం. అంతే. ఇది మేనేజరు ముందు నోటితో లెక్కకట్టి చెప్పండి. కావాలంటే పెన్నూ కాగితం అడగండి, తప్పేం లేదు. చివర్లో ఒక మాట చేర్చండి. "మొదటి నెలలో రాదు సార్. రెండు మూడు నెలలు పడుతుంది. ఇప్పుడు ఆర్డరివ్వని షాపుల్లో ఎవరు తిరిగొస్తారో చూశాకే ఖాయంగా చెప్పగలను." ఇలా చెప్పినవాణ్ణి వెనకాడేవాడని ఎవరూ అనుకోరు.

టార్గెట్ ప్రశ్నల్లో ఇంకో రకం ఉంది. అది ఉచ్చు. "ఇవాళ 25వ తేదీ. నీకు లక్ష రూపాయలు తక్కువుంది. ఏం చేస్తావు?" ఎలాగైనా చేస్తాను సార్ అన్నారా, అయిపోయింది. "ఎలాగైనా అంటే ఎలా?" అంటారు. ఎలాగో అందరికీ తెలుసు. ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గరికి వెళ్ళి, ఏజెన్సీ మార్జిన్‌లోంచి కాస్త వదిలి, లక్ష రూపాయల సరుకు ఒక్క బిల్లులో దింపెయ్యడం. నెల గట్టెక్కుతుంది. తర్వాత? ఆ హోల్‌సేల్ వ్యాపారి అదే సరుకుని మీ లైన్‌లో షాపులకే మీకంటే తక్కువకి వేస్తాడు. వచ్చే నెల మీరు వెళ్తే, "మాకు సరుకుంది బాబూ" అంటారు. మీ 26 బిల్లులు మళ్ళీ 20కి దిగుతాయి. ఈ మేనేజర్లలో చాలామంది లైన్ తిరిగి పైకొచ్చినవాళ్ళే. వాళ్ళకి ఈ కథ కొత్తది కాదు.

మంచి జవాబు ఎలా ఉంటుంది? మన కుర్రాడు ఇలా చెబుతాడు. "సార్, 25న తెలియడమే ఆలస్యం. నేను 10వ తేదీన ఒకసారి, 20న ఒకసారి చూసుకుంటాను. ఇప్పుడు ఈ పరిస్థితే వస్తే, ఈ నెలలో ఒక్క బిల్లూ పడని షాపుల పట్టీ తీస్తాను. 48 ఉన్నాయనుకుందాం. ముందు వాటికి వెళ్తాను. సగం ఇచ్చినా 30 వేలు వస్తుంది. మిగతాది పడకపోవచ్చని మీకు 25నే చెబుతాను, 31న కాదు." ఆఖరి వాక్యం గమనించండి. మేనేజరు కూడా పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. తక్కువ పడుతుందని ముందు తెలిస్తే ఆయన వేరే ఏరియాలో సర్దుకుంటారు. 31వ తేదీ సాయంత్రం తెలిస్తే ఆయనా మునుగుతారు.

ఏ నెల టార్గెట్ తప్పావు అని కూడా అడుగుతారు. ఒక్క నెలా తప్పలేదని చెప్పకండి. తప్పిన నెల ఒకటి ముందే ఎంచుకుని, ఎంత తప్పిందో, ఎందుకు తప్పిందో, తర్వాతి నెల ఏం మార్చారో చెప్పండి. కారణంగా వానలనో, ఏజెన్సీలో స్టాకు లేకపోవడాన్నో చెబితే చెప్పండి గానీ, అందులో మీ భాగం కూడా ఎంతో ఒప్పుకోండి.

ఇక రోల్ ప్లే. చాలామందికి దీనంటేనే భయం. మేనేజరు ఉన్నట్టుండి, "నేను కిరాణా షాపువాణ్ణి. నువ్వు సరుకు అమ్మడానికొచ్చావు. మొదలుపెట్టు" అంటారు. ఒక సబ్బు మీ చేతికిస్తారు. ఒకోసారి పెన్ను ఇస్తారు. చాలామంది ఏం చేస్తారంటే, సబ్బు చేతిలోకి రాగానే వర్ణించడం మొదలుపెడతారు. సార్, ఇందులో వేపాకుంది, తులసి ఉంది, సువాసన ఉంది. షాపువాడికి ఇవన్నీ ఎందుకు? ఆయన దాంతో స్నానం చెయ్యడు, దాన్ని అమ్ముకుంటాడు.

ముందు పిలుపు మార్చండి. రోల్ ప్లే మొదలయ్యాక ఆయన సార్ కాదు. మీ లైన్‌లో షాపాయన్ని ఎలా పిలుస్తారో అలా పిలవండి. బాబాయ్ అనో, అన్నా అనో, హైదరాబాద్‌లో అయితే సేఠ్ అనో. ఆయనేమీ అనుకోరు. పాత్రలోకి దిగగలిగాడని సంతోషిస్తారు. మన కుర్రాడి రోల్ ప్లే వినండి.

"నమస్తే బాబాయ్."

"వద్దు బాబూ, సరుకుంది."

"సరే బాబాయ్. పది రూపాయల సబ్బు ఎన్ని మిగిలాయి?"

"ఓ అర డజను ఉంటాయిలే."

"పోయిన వారం డజనున్నర వేశాం. అర డజను మిగిలిందంటే వారానికి డజను పోతోంది. నేను మళ్ళీ వచ్చేది వచ్చే వారం. ఈ ఆరు ముక్కలు మూడు నాలుగు రోజులకే వస్తాయి బాబాయ్."

ఇక్కడ ఆగుదాం. వద్దన్నాక అతను వాదించలేదు. ఒక ప్రశ్న అడిగాడు. వచ్చిన జవాబుతోనే అవసరం చూపించాడు. రోల్ ప్లేలో మేనేజరు మొదట చూసేది ఇదే. చెప్పడానికి ముందు అడిగాడా లేదా? పెన్ను ఇచ్చినా అంతే. "మీరు రోజుకి ఎంత రాస్తారు? ఎక్కువగా దేని మీద రాస్తారు?" అని అడిగి మొదలుపెట్టండి.

కానీ షాపాయన అంత తొందరగా ఒప్పుకోడు.

"నీ సబ్బులో ఏం మిగుల్తుందయ్యా? లోకల్ సబ్బువాడు ముక్కకి రెండు రూపాయలిస్తున్నాడు. నువ్వు రూపాయి ఇస్తావు."

ఇది నిజమైన అభ్యంతరం. మా సబ్బు నాణ్యమైనది బాబాయ్ అంటే పని జరగదు. రూపాయికి రూపాయితోనే జవాబు చెప్పాలి.

"నిజమే బాబాయ్. ఆ సబ్బు నెలకి ఎన్ని పోతాయి?"

"ఓ డజను."

"డజను మీద 24 రూపాయలు మిగిలింది. మాది వారానికి డజను, నెలకి నాలుగు డజన్లు. ముక్కకి రూపాయే అయినా నెలకి 48 రూపాయలు. పైగా మాకిచ్చిన డబ్బు వారానికోసారి మీ గల్లాలోకి తిరిగొస్తోంది. ఆ సబ్బులో పెట్టింది నెలంతా రాక్ మీదే కూర్చుంటోంది."

వాళ్ళది నెలకి 24 రూపాయలు, మనది 48. ముక్క మీద మిగిలేది తక్కువ, నెల మీద మిగిలేది ఎక్కువ. కిరాణా వ్యాపారి ఈ లెక్క క్షణంలో పట్టుకుంటాడు. ఎదురుగా ఉన్న మేనేజరు కూడా.

ఆయన చివరి అస్త్రం తీస్తారు. "సరే, రెండు డజన్లు వెయ్యి. డబ్బు నెలకిస్తాను."

జాగ్రత్త, ఇది రెండో ఉచ్చు. ఆర్డరు వచ్చిందన్న సంబరంలో చాలామంది సరే అనేస్తారు. లేదా అడగకముందే ఐదు శాతం తగ్గిస్తానంటారు. మీ చేతిలో లేని అప్పూ, మీ చేతిలో లేని డిస్కౌంటూ ఇచ్చేశారంటే, రేపు నిజం మార్కెట్‌లో కూడా అదే చేస్తారని ఆయనకి తెలిసిపోతుంది. మన కుర్రాడు అంటాడు, "ఏజెన్సీ వారం దాకే ఇస్తుంది బాబాయ్, అంతకుమించి నా చేతిలో లేదు. డబ్బు ఇబ్బందైతే ఇవాళ ఒక్క డజనే తీసుకోండి. అది పోయేసరికి మళ్ళీ వస్తాను. డజను రాయనా?"

అని ఆగిపోవాలి. రాయనా అని అడిగి నోరు మూసుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ నాలుగైదు క్షణాల నిశ్శబ్దం భరించలేక మనమే మళ్ళీ మాట్లాడి, స్కీములన్నీ ఏకరువు పెట్టి, వచ్చే ఆర్డరు పోగొట్టుకుంటాం. అన్నీ బాగా చెప్పి ఆర్డరు మాత్రం అడగకుండా థాంక్యూ చెప్పి కూర్చునేవారు కూడా ఉన్నారు. అడగండి. అడిగి ఆగండి.

ఒకవేళ ఆయన చివరిదాకా వద్దనే అన్నారనుకోండి. కొందరు మేనేజర్లు కావాలనే అలా చేస్తారు. మొహం ఎలా పెడతారో చూడటానికి. "సరే బాబాయ్, మంగళవారం వస్తాను. అప్పటికి ఆ ఆరూ ఉన్నాయో లేదో చూద్దాం" అని నవ్వుతూ ముగించండి. అది ఓడిపోవడం కాదు. లైన్‌లో రోజూ 14 షాపులు వద్దనే అంటాయి మన కుర్రాడితో.

దీన్ని అద్దం ముందు సాధన చేస్తే రాదు. మీ వీధిలో కిరాణా షాపాయన్ని మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు పట్టుకోండి. "బాబాయ్, నాకు ఇంటర్వ్యూ ఉంది. సరుకు అమ్మడానికొచ్చినట్టు మాట్లాడతాను, మీరు మామూలుగా విసుక్కున్నట్టే విసుక్కోండి" అని అడగండి. చాలామంది సరదాగా ఒప్పుకుంటారు. వాళ్ళు వేసే అభ్యంతరాలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

అదే అదనుగా ఇంకో పని చెయ్యండి. మీరు వెళ్తున్న కంపెనీ సరుకు నాలుగైదు షాపుల్లో ఎలా ఉందో చూసుకోండి. ఏ ప్యాక్ ఉంది, ఏది లేదు, సేల్స్‌మన్ వారానికి వస్తున్నాడా, నెలకి వస్తున్నాడా, డ్యామేజీ తీసుకుంటున్నారా. "మా సరుకు మార్కెట్‌లో చూశావా?" అన్న ప్రశ్న దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో వస్తుంది. "నిన్న మా పేటలో ఐదు షాపులు చూశాను సార్, మూడింటిలో చిన్న ప్యాక్ లేదు" అంటే ఆ గదిలో ఆ రోజు అందరికంటే మీరే ముందుంటారు.

అనుభవం లేని కొత్తవారు, మాకు అంకెలెక్కడివి అనుకోవచ్చు. పండగ సీజన్‌లో బట్టల షాపులో నిలబడ్డారా? సెల్‌ఫోన్ షాపులో పని చేశారా? ఇంట్లో పాలో కూరగాయలో అమ్ముతారా? రోజుకి ఎంతమంది వచ్చారు, ఎంతమంది కొన్నారు, ఒక్కొక్కరు ఎంతకి కొన్నారు. అవే మూడు అంకెలు. ఒక్క వారం రాసుకున్నా చెప్పడానికి సరిపోతుంది.

చివరగా, మీరేమైనా అడుగుతారా అని మేనేజరు అన్నప్పుడు ఏమీ లేదు సార్ అని లేచిపోకండి. మూడు విషయాలు అడగండి. నా టార్గెట్ ప్రైమరీ మీద కడతారా, సెకండరీ మీద కడతారా? నా కింద ఎన్ని లైన్లుంటాయి, అవి ఇప్పుడు ఎంత చేస్తున్నాయి? ఇన్సెంటివ్ టార్గెట్‌లో ఎంత శాతం దాటితే మొదలవుతుంది? ఈ మూడో దానికి నోటిమాట జవాబుతో సరిపెట్టుకోకండి. జీతం తక్కువ పెట్టి ఇన్సెంటివ్‌తో కలిపి పెద్ద అంకె చెప్పే ఉద్యోగాలు మార్కెట్‌లో బోలెడున్నాయి. ఇన్సెంటివ్ లెక్క ఆఫర్ లెటర్‌తో పాటు రాసి ఇమ్మని అడగండి. అడిగినందుకు మంచి కంపెనీ ఏదీ మిమ్మల్ని తీసెయ్యదు.